నాన్న ఖాతాలోంచి నెలనెలా పోతున్న డబ్బు: బ్యాంకుకు రాసే ఉత్తరంలో ఏముండాలి?

టెలిమార్కెటింగ్ ఫోన్ వచ్చింది. పెద్దాయన నమ్మి ‘సరే’ అన్నారు, ఓటీపీ చెప్పారు. అప్పట్నుంచి ప్రతి నెలా ఖాతాలోంచి కొంత పోతోంది. కూతురికి తెలిసేసరికి నాలుగైదు వాయిదాలు పోయే ఉంటాయి. ఆ కంగారులో ఆమె బ్యాంకుకు రాసే మొదటి ఉత్తరం చాలాసార్లు ఇలా ఉంటుంది: ‘మా నాన్నగారు పెద్దవారు, ఆయన్ని మోసం చేశారు, వెంటనే ఆపి డబ్బు వెనక్కి ఇప్పించండి.’ బ్యాంకు జవాబు కూడా ఊహించదగ్గదే: ‘ఖాతాదారు స్వయంగా ఓటీపీ ఇచ్చి అనుమతించిన లావాదేవీ కాబట్టి తిరిగి జమ చేయలేం.’ ఫిర్యాదు ముగిసినట్టు మెసేజ్ వస్తుంది. వచ్చే నెల అదే తేదీకి డబ్బు మళ్లీ పోతుంది.

ఆ ఉత్తరం రెండు వేరు వేరు కోరికల్ని ఒకే ముడి వేసింది. ‘ఇకపై ఆపండి’ అన్నది ఒకటి, ‘పోయింది ఇప్పించండి’ అన్నది రెండోది. మొదటిదానికి మోసం జరిగిందని నిరూపించాల్సిన పని లేదు. తన ఖాతా నుంచి డబ్బు తీసుకోవడానికి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంటున్నానని ఖాతాదారు చెబితే చాలు. రెండోదానికి ఆధారాలు కావాలి, విచారణ జరగాలి, చివరికి కాదనే అవకాశమూ ఉంది. కలిపి రాస్తే బ్యాంకు కష్టమైన రెండోదానికి ‘కుదరదు’ అని చెప్పి ఫైలు మూసేస్తుంది, తేలికైన మొదటిది దాంతోపాటే మూతపడుతుంది. అందుకే ఈ ఉత్తరం ఆపమని అడగడానికే రాయాలి. డబ్బు సంగతి విడిగా మరో ఉత్తరంలో అడగాలి.

డబ్బు ఏ దారిన పోతోంది?

కలం పట్టేముందు పాస్‌బుక్ కాదు, ఆరు నెలల స్టేట్‌మెంట్ తీసుకోవాలి. పాస్‌బుక్‌లో వివరాల గడి ఇరుకు, సగం అక్షరాలు తెగిపోతాయి. స్టేట్‌మెంట్‌లో ఆ డెబిట్ పక్కన ఏం రాసి ఉందో చూస్తే అది ఏ దారిన పోతోందో చాలావరకు తెలిసిపోతుంది.

`ACH D` అనో `NACH` అనో ఉంటే అది నాచ్ మాండేటు, అంటే తన ఖాతాలోంచి నెలనెలా డబ్బు తీసుకోవచ్చని ఖాతాదారు ఒక కంపెనీకి ముందే ఇచ్చిన అనుమతి. దేశంలో చెల్లింపుల వ్యవస్థలు చూసే ఎన్‌పీసీఐ సంస్థ ఈ నాచ్‌ను నడుపుతుంది. కంపెనీ తన బ్యాంకు ద్వారా బిల్లు పంపుతుంది, నాన్నగారి బ్యాంకు ఆ మొత్తాన్ని ఖాతాలోంచి కోసి పంపుతుంది. ప్రతి మాండేటుకూ `UMRN` అనే 20 అక్షరాల నంబరు ఉంటుంది. ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వివరం ఇదే. మాండేటు నమోదైనప్పుడు వచ్చిన ఎస్ఎంఎస్‌లోనో, నెట్ బ్యాంకింగ్‌లో మాండేట్లు చూపించే పేజీలోనో దొరుకుతుంది. దొరక్కపోతే బ్రాంచిలో అడగాలి. ఖాతా నంబరు మీద ఏయే మాండేట్లు నడుస్తున్నాయో వాళ్లు చూడగలరు.

ఇక్కడే చాలామంది పొరబడేది ఒకటుంది. డెబిట్ కార్డు వివరాలు, ఓటీపీ చెప్పి నాన్నగారు మాండేటు ఇచ్చారనుకుందాం. ఇంట్లోవాళ్లు ముందుగా కార్డు బ్లాక్ చేయిస్తారు, ఇక ఆగిపోయిందని ఊపిరి పీల్చుకుంటారు. ఆగదు. నాచ్‌లో ఆ కార్డు ‘ఈ మనిషి ఖాతాదారే’ అని ఒక్కసారి రుజువు చేయడానికి మాత్రమే పనికొచ్చింది. మాండేటు కూర్చున్నది కార్డు మీద కాదు, ఖాతా నంబరు మీద. ఆధార్ ఓటీపీతో ఇచ్చినదీ అంతే. కార్డు మారినా, పిన్ మారినా, ఫోన్ నంబరు మారినా అది అలాగే నడుస్తుంది.

స్టేట్‌మెంట్‌లో `UPI` అని ఉండి, నెలనెలా ఒకే పేరుకు పోతుంటే అది యూపీఐ ఆటోపే. ‘అప్రూవ్ నొక్కి పిన్ కొట్టండి సార్, ఆఫర్ యాక్టివేట్ అవుతుంది’ అని ఫోన్‌లో చెప్పినప్పుడు పుట్టేది ఇదే. దీనికి ఉత్తరం దాకా పోనక్కర్లేదు. నాన్నగారి ఫోన్‌లోని యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మాండేట్స్ అన్న చోట అది కనిపిస్తుంది. అక్కడ రద్దు నొక్కి పిన్ ఇస్తే సరి. అయితే ‘పాజ్’ వేరు, ‘రద్దు’ వేరు. పాజ్ చేసినది మళ్లీ మొదలవుతుంది. రద్దు చేశాక వచ్చే స్క్రీన్‌ను ఫొటోగా దాచుకోవాలి.

మూడోది కార్డు మీద పెట్టిన ఈ-మాండేటు. కార్డులకూ యూపీఐకీ 2021 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ కట్టుదిట్టం చేసింది. మొదటిసారి ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి. తర్వాత డబ్బు కోసే 24 గంటల ముందు మెసేజ్ పంపాలి, వద్దనుకుంటే తప్పుకునే దారి అందులోనే చూపాలి. మామూలు చెల్లింపులకు రూ.15,000 దాకా ప్రతి నెలా మళ్లీ ఓటీపీ అడగరు. చిన్న మొత్తాలు చప్పుడు లేకుండా పోవడానికి కారణం ఇదే. పెద్దవాళ్ల ఫోన్లో ఆ ముందస్తు మెసేజ్‌లు వందల ప్రకటనల మధ్య చదవకుండా పడి ఉంటాయి. ఒకసారి వెతికితే తరచు దొరుకుతాయి, కంపెనీ అసలు పేరు కూడా వాటిలోనే బయటపడుతుంది.

సంతకం ఎవరిది?

ఉత్తరం కూతురు రాయవచ్చు. ఆదేశం మాత్రం ఖాతాదారుదే కావాలి. ఖాతా జాయింటుగా ఉండి, ఇద్దరిలో ఎవరైనా నడపవచ్చనే షరతు ఉంటే ఆమె సొంత సంతకంతోనే అడగవచ్చు. లేకపోతే ఆమె ఎంత న్యాయంగా రాసినా బ్యాంకు దృష్టిలో బయటి మనిషే. నామినీగా పేరున్నా లాభం లేదు, నామినీ హక్కు ఖాతాదారు చనిపోయాకే మొదలవుతుంది. బ్యాంకు ఖాతా వివరాలు చెప్పననడం మొండితనంగా అనిపించవచ్చు కానీ, అదే నియమం లేకపోతే రేపు ఆ టెలిమార్కెటర్ కూడా ‘కూతురిని మాట్లాడుతున్నాను’ అని ఫోన్ చేయగలడు.

దీనికి సులువైన మార్గం ఒకే కాగితం మీద రెండూ పెట్టడం. పైన కూతురి మాటలు, కింద తండ్రి ఆదేశం, బ్యాంకు రికార్డులో ఉన్న తీరులోనే ఆయన సంతకం. వణుకుతున్న చేతితో సంతకం మారిపోయి ఉంటే ఆయన్ని బ్రాంచికి తీసుకెళ్లి అధికారి ఎదుటే పెట్టించడం మేలు. సంతకం సరిపోలేదన్న కారణంతో ఉత్తరం పక్కన పడితే ఆ సంగతి వారం తర్వాత గానీ తెలియదు. తండ్రికి మతిమరుపు జబ్బు ముదిరి, ఏం సంతకం పెడుతున్నారో తెలియని స్థితి ఉంటే ఈ దారి పనిచేయదు. అంతకుముందు రాయించుకున్న పవర్ ఆఫ్ అటార్నీ కూడా ఆ స్థితిలో చెల్లదు. అప్పుడు సంరక్షకురాలిగా కోర్టు నియామకం దాకా వెళ్లాల్సి వస్తుంది.

ఒక ఉదాహరణ

తండ్రికి 72 ఏళ్లు, పింఛను ఖాతా. జనవరిలో ఆరోగ్య సభ్యత్వం పేరుతో ఫోన్ వచ్చింది. ‘ఒక్కసారి కడితే చాలు, జీవితాంతం ఉచిత పరీక్షలు’ అన్నారు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ప్రతి 5వ తేదీన రూ.1,499 నాచ్‌లో పోయింది. అయిదు వాయిదాలు, మొత్తం రూ.7,495. మాండేటు వివరాలు తెరిస్తే అందులో గరిష్ఠ మొత్తం రూ.5,000 అని ఉంది. అంటే కంపెనీ తలుచుకుంటే మళ్లీ అడగకుండానే నెలకు రూ.5,000 దాకా కోయగలదు. ఇది ఉత్తరంలో తప్పక రాయాలి. ‘రూ.1,499 డెబిట్ ఆపండి’ అని మాత్రమే రాస్తే, రూ.1,799కి వచ్చిన బిల్లు ఆ ఆదేశంలోకి రాదని వాదించే వీలుంది. ఆపమని అడగాల్సింది మొత్తాన్ని కాదు, మాండేటును.

తర్వాతి డెబిట్ జులై 5న. ఉత్తరం జూన్ 20న ఇస్తున్నారు. కనీసం నాలుగైదు పనిదినాలు ముందుండడం మంచిది. కంపెనీ బిల్లు ముందుగానే వ్యవస్థలోకి చేరి ఉంటే ఆఖరి రోజు ఇచ్చిన ఆదేశం దాన్ని అందుకోలేకపోవచ్చు. ఉత్తరం ఇలా ఉంటుంది:

> తేదీ: జూన్ 20
>
> బ్రాంచి మేనేజర్ గారికి,
>
> విషయం: పొదుపు ఖాతా నంబరు … మీద ఉన్న నాచ్ మాండేటు శాశ్వత రద్దు
>
> అయ్యా/అమ్మా,
>
> పై ఖాతా మా నాన్నగారు శ్రీ … గారిది. ఆయన తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆయన ఆదేశం, సంతకం కింద ఉన్నాయి.
>
> ఈ ఖాతా మీద … అనే కంపెనీ పేరుతో ఒక నాచ్ మాండేటు నడుస్తోంది. దాని `UMRN` … . గరిష్ఠ మొత్తం రూ.5,000. ఫిబ్రవరి 5 నుంచి జూన్ 5 వరకు నెలకు రూ.1,499 చొప్పున అయిదుసార్లు డెబిట్ అయింది. తర్వాతి డెబిట్ జులై 5న రావచ్చు.
>
> మా కోరికలు మూడు. ఈ మాండేటును ఎంత మొత్తానికైనా, ఏ తేదీకైనా పనిచేయకుండా శాశ్వతంగా రద్దు చేయండి. రద్దు నమోదయ్యేలోపు బిల్లు వస్తే చెల్లించకుండా ఆపండి. ఈ ఖాతా మీద ప్రస్తుతం నడుస్తున్న మాండేట్లన్నిటి జాబితాను, ఈ మాండేటు నమోదైన నాటి ప్రతిని మాకు ఇవ్వండి.
>
> రద్దు చేసిన తేదీని తెలుపుతూ రాతపూర్వకంగా జవాబివ్వగలరు. ఇప్పటికే పోయిన డబ్బు గురించి విడిగా రాస్తున్నాం. ఆ విచారణతో సంబంధం లేకుండా ఈ రద్దు జరగాలి.
>
> ఇట్లు,
> (కూతురి పేరు, ఫోన్ నంబరు)
>
> ఖాతాదారు ఆదేశం: పై మాండేటుకు నేను ఇచ్చిన అనుమతిని ఈ రోజు నుంచి ఉపసంహరించుకుంటున్నాను. దాన్ని రద్దు చేయవలసిందిగా బ్యాంకును ఆదేశిస్తున్నాను. ఈ విషయంలో నా కుమార్తె … తో మాట్లాడడానికి, వివరాలు ఇవ్వడానికి నా సమ్మతి ఉంది.
>
> (ఖాతాదారు సంతకం, తేదీ)

ఉత్తరంలో టెలిమార్కెటర్ ఏమన్నాడన్న కథ లేదు. కావాలనే వదిలేసింది. మోసం ప్రస్తావన తేగానే కాగితం వివాదాల విభాగానికి వెళ్తుంది, అక్కడ వారాలు పడుతుంది. రద్దు అలా వెళ్లాల్సిన పని కాదు. తెలుగులో రాసిన ఉత్తరం పూర్తిగా చెల్లుతుంది. కానీ మేనేజర్ వేరే రాష్ట్రం మనిషైతే చదవడం కోసం మరొకరిని వెతుకుతారు, అందుకే ఇంగ్లిషు ప్రతి ఒకటి జతచేస్తే ఒక పూట కలిసొస్తుంది.

రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. అదే రోజు స్కాన్ ప్రతిని బ్రాంచి ఈమెయిల్‌కు, బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి పంపి, వచ్చిన రిఫరెన్స్ నంబరును ముద్ర వేసిన ప్రతి మీదే రాసుకోవాలి.

కౌంటర్ దగ్గర వినబడే మాటలు

‘మాండేటు కంపెనీకి ఇచ్చారు కదా, వాళ్లనే అడిగి రద్దు చేయించుకోండి.’ ఎక్కువగా వినబడేది ఇదే. కంపెనీ ద్వారా రద్దు చేయించుకునే దారి ఉన్నమాట నిజమే. డబ్బు కోసే బ్యాంకు దగ్గర రద్దు చేసుకునే దారి కూడా ఉంది. టెలిమార్కెటింగ్ కేసుల్లో మొదటి దారి దాదాపు గోడే: ఫోన్ ఎత్తరు, ఎత్తితే ‘ఇంకో మూడు నెలలు ఆగితే బోనస్ వస్తుంది’ అని పెద్దాయన్ని మళ్లీ ఒప్పిస్తారు. ఉత్తరం తీసుకోనంటే ఆ మాటనే కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగాలి. సాధారణంగా అక్కడితో కాగితం తీసుకుంటారు.

‘స్టాప్ పేమెంట్ పెడతాం’ అన్నది ఇంకొకటి. ఒక వాయిదాను ఆపడం, మాండేటును రద్దు చేయడం రెండూ ఒకటి కావు. మొదటిది జులై బిల్లును ఆపుతుంది, ఆగస్టుది మామూలుగా పోతుంది. దానికి కొన్ని బ్యాంకులు రుసుము కూడా వేస్తాయి. ఏది చేశారో పేరుపెట్టి అడగాలి. వారం తర్వాత నెట్ బ్యాంకింగ్‌లో ఆ మాండేటు స్థితి రద్దయినట్టు మారిందో లేదో చూడాలి.

మూడోది కౌంటర్ మాట కాదు, చుట్టాల సలహా: ‘ఖాతాలో డబ్బు లేకుండా తీసేయండి, అదే ఆగిపోతుంది.’ ఆగదు, తిరిగొస్తుంది. డబ్బు చాలక బిల్లు తిరిగెళ్లిన ప్రతిసారీ నాన్నగారి బ్యాంకు రుసుము వేస్తుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. కొన్ని కంపెనీలు అదే బిల్లును మళ్లీ పంపుతాయి, మళ్లీ రుసుము. పైగా అప్పు లాంటి బాకీ చెల్లింపు డబ్బు చాలక తిరిగితే, చెక్కు బౌన్సు మాదిరే శిక్షించదగ్గ నేరమని 2007 నాటి చెల్లింపు వ్యవస్థల చట్టంలోని 25వ సెక్షన్ చెబుతోంది. సభ్యత్వ రుసుముకు అది ఎంతవరకు అతుకుతుందన్నది వేరే వాదన. కానీ బెదిరించేవాళ్లు ఆ సెక్షన్ పేరు తప్పక ఎత్తుతారు. అందుకే ఖాతా ఖాళీ చేయడం కంటే రాతపూర్వకంగా రద్దు చేయడమే పదిలం.

రద్దు ఉత్తరం అందాక కూడా జులై 5న డబ్బు పోయిందనుకుందాం. ఇప్పుడు పరిస్థితి మొదటికంటే మెరుగైందనే చెప్పాలి. ముందు అయిదు వాయిదాలకు ‘మీరే అనుమతించారు’ అనగలిగిన బ్యాంకు ఆరోదానికి అలా అనలేదు, ముద్ర వేసిన కాగితం చేతిలో ఉంది. మూడు పనిదినాల్లోపే ‘రద్దు ఆదేశం తర్వాత జరిగిన అనధికార డెబిట్’ అని విడిగా ఫిర్యాదు చేయాలి. అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీలపై 2017 జులై 6న ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల్లో ఖాతాదారు ఎంత త్వరగా తెలిపాడన్నది కీలకం. తప్పు ఖాతాదారుదే అని నిరూపించే భారం అందులో బ్యాంకు మీదే ఉంది.

రెండో ఉత్తరం: పోయిన డబ్బు

ఇక్కడ ఆశను కాస్త అదుపులో పెట్టుకోవాలి. అదే 2017 ఆదేశాల ప్రకారం, ఖాతాదారు తన రహస్య వివరాలు తానే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా జరిగిన నష్టం ఆయనదే. ఓటీపీ చెప్పలేదని ఉత్తరంలో అబద్ధమాడకూడదు, చెప్పిన సంగతి దాచకూడదు కూడా. ఫోన్ రికార్డుతో అది తేలిగ్గా బయటపడుతుంది. అప్పుడు నిజమైన మిగతా మాటలకూ విలువ పోతుంది.

బలమైన వాదన ఓటీపీ ఇచ్చారా లేదా అన్నది కాదు, దేనికని ఇచ్చారన్నది. అందుకే మొదటి ఉత్తరంలో మాండేటు ప్రతి అడిగాం. ‘ఒక్కసారి కట్టాలి’ అని చెప్పి నెలవారీ మాండేటు నమోదు చేసి ఉంటే, కాలపరిమితి 20 ఏళ్లని ఉంటే, కాగితం మాండేటు మీద సంతకం ఆయనది కాకపోతే, ఈమెయిల్ గడిలో ఆయనకు లేని చిరునామా ఉంటే అవన్నీ చేతికందే ఆధారాలు. సంతకం ఆయనది కాదంటే ఇది మోసపోయి ఇచ్చిన అనుమతి కాదు, అసలు అనుమతే లేదు. అప్పుడు వాదన పూర్తిగా మారుతుంది. కంపెనీకి కూడా విడిగా రాసి, అమ్మకం నాటి ఫోన్ రికార్డింగు అడగాలి, సభ్యత్వం రద్దు చేస్తున్నట్టు తెలపాలి. మాండేటు రద్దయినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు, లేకపోతే బాకీ ఉన్నారంటూ ఫోన్లు మొదలవుతాయి.

ఫోన్‌లో అంటగట్టింది బీమా పాలసీ అయితే దారి వేరు, తేలిక కూడా. 2024 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం పాలసీ పత్రం అందిన నాటి నుంచి 30 రోజుల్లోపు కారణం చెప్పకుండానే వద్దనవచ్చు. ఆ కొద్దిరోజుల రిస్కు ప్రీమియం, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు సుంకం పట్టుకుని మిగతాది తిరిగిస్తారు. కాబట్టి ముందు చూడాల్సింది పత్రం ఎప్పుడు చేరిందన్నది. గడువు దాటితే తప్పుడు మాటలతో అమ్మారని బీమా కంపెనీకి రాసి, ఫలితం లేకపోతే బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. ఇక్కడ మాత్రం బ్యాంకులో మాండేటు ఆపేముందు ఒక్కక్షణం ఆగాలి. అది నిజంగా అవసరమైన ఆరోగ్య బీమా అయి, ఈ వయసులో మళ్లీ కొత్తది దొరకని పరిస్థితి ఉంటే, ప్రీమియం ఆగగానే రక్షణ కూడా పోతుంది.

ఫోన్ చేసినవాళ్లు కంపెనీయే లేని మోసగాళ్లని అనుమానం ఉంటే బ్యాంకు జవాబు కోసం చూడకుండా 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో నమోదు చేయాలి. తాజాగా పోయిన వాయిదాను దారిలో పట్టుకునే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ.

బ్యాంకు 30 రోజులదాకా జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఆ 30 రోజుల లెక్క మొదలయ్యేది కౌంటర్‌లో నోటిమాటగా అడిగిన రోజు నుంచి కాదు, ముద్ర వేయించుకున్న రోజు నుంచి. ఫిర్యాదు తండ్రి పేరుతోనే ఉండాలి. కూతురు ప్రతినిధిగా వ్యవహరిస్తే ఆయన ఇచ్చిన అధికార పత్రం జతచేయాలి. రద్దు సంగతీ, పాత వాయిదాల సంగతీ ఇక్కడ కూడా వేర్వేరుగా రాయాలి. ఆదేశం అందాక పోయిన రూ.1,499ని ముందు పెట్టాలి, అంతకుముందటి రూ.7,495ని దాని తర్వాత.